ఏడు గీతల్లో ఒక్కదానికే రంగు: మూడేళ్లు వాడాక నా సమీక్ష

నర్సంపేట వైపు ఏడు పాల కేంద్రాల లెక్కలు నా చేతుల మీదుగా నడుస్తాయి. ప్రతి నెలా మొదటి వారంలో హనుమకొండలో కమిటీ మీటింగ్ ఉంటుంది. ఏ కేంద్రంలో రోజుకు సగటున ఎన్ని లీటర్లు పోశారో ఎక్సెల్‌లో చార్ట్ గీసి గోడ మీద చూపిస్తాను, జిరాక్స్ కాపీలు పంచుతాను. ఆ చార్ట్‌లో వెనక గీతలు తీసేయడం, ఒక్క కేంద్రానికే రంగు ఉంచడం, టైటిల్‌లో విషయాన్నే వాక్యంగా రాయడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఇన్నాళ్లు వాడాక ఏది నిలబడిందో, ఎక్కడ దెబ్బతిన్నానో రాస్తున్నాను.

ముందు పాత చార్ట్ ఎట్లా ఉండేదో చెప్పాలి. ఏడు కేంద్రాలకు ఏడు రంగులు, ప్రతి నెల దగ్గర ఒక చుక్క, వెనక అడ్డగీతలు, నిలువు గీతలు, కింద లెజెండ్. పైన "కేంద్రాల వారీగా నెలవారీ సగటు పాల సేకరణ" అని టైటిల్. అందులో తప్పు ఒక్కటి లేదు. కానీ నా ఎక్సెల్ తనంతట తాను ఇచ్చే రంగుల్లో మొదటిది నీలం, ఐదోది లేత నీలం, ఏడోది ముదురు నీలం. జిరాక్స్ తీస్తే మొత్తం ఏడూ ఒకే రంగు. ఒక ఊరి సంఘం అధ్యక్షురాలు, అరవై దాటిన మనిషి, కాగితం నా వైపు తిప్పి "బిడ్డా, గిండ్ల మా ఊరు ఏది?" అని అడిగింది. నేను లెజెండ్ చూసి, గీత వెతికి చూపించాను. చూపించింది పక్క ఊరి గీత. ఇంటికొచ్చాక గానీ ఆ సంగతి తెలియలేదు. తన ఊరి పాలు ఏమయ్యాయో తెలుసుకోవడానికి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషికి నేను తప్పు చెప్పి పంపాను. మార్పు అక్కడి నుంచే మొదలైంది.

వెనక గీతలు తీసేయడం క్షణం పని. ఒక గీత మీద క్లిక్ చేసి Delete నొక్కితే ఆ వరస అంతా పోతుంది. చుక్కలు, లెజెండ్ కూడా తీసేశాను. ఇప్పటికీ కొందరు "మరి అంకె ఎట్లా చదవాలి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. రంగు ఉన్న గీతకు మొదటి నెల దగ్గర ఒక అంకె, చివరి నెల దగ్గర ఒక అంకె రాస్తే మా మీటింగ్‌కు సరిపోతుంది. మధ్య నెలల లెక్క కావాలంటే పట్టిక వెనక పేజీలో ఉంటుంది. చార్ట్ మీద స్కేలు పెట్టి లీటర్లు చదివినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

రంగు విషయంలో మాత్రం మొదటి నెలే పెద్ద తప్పు చేశాను. చెప్పాల్సింది ఒక కేంద్రం గురించే కదా అని మిగతా ఆరు గీతలూ తీసేశాను. చార్ట్ ఎంతో శుభ్రంగా కనిపించింది. ఏప్రిల్, మే నెలల్లో పాలు తగ్గినట్టు ఆ ఒక్క గీత చూపించింది. "ఎండకాలం బర్లు పాలెక్కడ ఇస్తయి? మిగతా ఊళ్లల్ల తగ్గలేదా?" అని అడిగారు. తగ్గాయి. అన్ని ఊళ్లలో తగ్గాయి. అంటే నేను వార్త అనుకున్నది వార్తే కాదు. అప్పటి నుంచి ఆరింటినీ బూడిద రంగులో సన్నగా ఉంచుతున్నాను. ఎర్ర గీత ఏం చెబుతుందో తెలిసేది బూడిద గీతల పక్కన పెట్టి చూసినప్పుడే. అన్నీ కలిసి పడితే అది కాలం. ఒక్కటే విడిపోతే అక్కడ ఏదో జరిగింది.

ఇంకో చిక్కు వచ్చింది. ఎక్సెల్‌లో పట్టికలో చివరి వైపు ఉన్న కాలమ్ గీత చార్ట్‌లో పైన పడుతుంది. రెండో కేంద్రానికి ఎరుపు వేస్తే దాని మీదుగా ఐదు బూడిద గీతలు దాటుతాయి. Select Data లోకి వెళ్లి బాణం గుర్తుతో దాన్ని చివరికి దింపాలి. నెలకో కేంద్రం మారుతుంటే ప్రతిసారీ రంగు మార్చు, కిందికి దింపు, పాతదానికి మళ్లీ బూడిద వెయ్యి. రెండు నెలలకే విసుగొచ్చింది. అందుకే ఏడు కేంద్రాల పక్కన ఎనిమిదో కాలమ్ ఒకటి చేర్చాను. B నుంచి H వరకు కేంద్రాలు, K1 లో ఈ నెల చూపించాల్సిన కేంద్రం పేరు. I1 లో `=K1` అని పెట్టి, I2 లో ఇది రాసి కిందికి లాగాను:

```
=IF(B2="",NA(),INDEX(B2:H2,MATCH($K$1,$B$1:$H$1,0)))
```

ఏడు గీతలకూ ఒక్కసారే బూడిద రంగు వేశాను, ఎనిమిదోదానికి ఎరుపు. ఎనిమిదోది ఎప్పుడూ చివరన ఉంటుంది కాబట్టి ఎప్పుడూ పైనే పడుతుంది. K1 లో పేరు మారిస్తే ఎర్ర గీత ఆ ఊరి మీదికి వెళ్లి కూర్చుంటుంది. మొదట్లో ముందున్న `IF` భాగం పెట్టలేదు. ఇంకా రాని నెలల దగ్గర `INDEX` సున్నా ఇచ్చి, ఎర్ర గీత చివర్లో నేల మీదికి పడిపోయింది. కేంద్రం మూతపడిందేమో అన్నంత భయంగా కనిపించింది. `NA()` ఇస్తే ఆ నెలలు గీయకుండా వదిలేస్తుంది. ఒక్క పని ఇప్పటికీ చేత్తోనే చేస్తున్నాను: చివరి నెల దగ్గర రాసిన అంకె కొత్త నెల చేరినా పాత చోటే ఉండిపోతుంది. దాన్ని తీసి కొత్త నెల దగ్గర పెట్టుకోవాలి.

బూడిద ఎంత ముదురుండాలి అన్నది కంప్యూటర్ ముందు కూర్చుంటే తేలదు. నా స్క్రీన్ మీద చక్కగా ఉన్న లేత బూడిద మా మీటింగ్ హాల్ గోడ మీద, కిటికీ వెలుతురులో, అసలు లేనట్టే అయింది. ఇప్పుడు `7F7F7F` వాడుతున్నాను. జిరాక్స్‌లో ఎరుపు కూడా ముదురు బూడిదే అవుతుంది, కాబట్టి రంగును ఒక్కదాన్నే నమ్మకూడదు. బూడిద గీతలు 1 పాయింట్, ఎర్రది 3 పాయింట్లు. జిరాక్స్ కాగితం మీద లావు గీత ఏదో ఎవరూ అడగరు.

ఇక టైటిల్. మూడింటిలో నాకు ఎక్కువ ఉపయోగపడిందీ, ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ ఇదే. ఒక ఏడాది జనవరి లెక్క చూడండి. మేం చెరువుకట్ట కేంద్రం అని పిలుచుకునే చోట సెప్టెంబర్‌లో రోజుకు 410 లీటర్లు వచ్చేవి, జనవరికి 330 అయ్యాయి. చలికాలంలో పాలు పెరగాలి. మిగతా ఆరు కేంద్రాల్లో పెరిగాయి కూడా. పొద్దున వ్యాన్ ఆలస్యంగా వెళ్తోందని నా చెవిన పడింది. "వ్యాన్ ఆలస్యం వల్ల చెరువుకట్ట పాలు తగ్గాయి" అని టైటిల్ రాసి గోడ మీద వేశాను. వ్యాన్ నడిపే తమ్ముడు లేచి నిలబడి, "అన్నా, నేను ఆలస్యంగ వస్తున్నట్టు గీ గీతల ఏడున్నది?" అన్నాడు. నిజమే. చార్ట్‌లో ఉన్నవి లీటర్లు, నెలలు. టైములు లేవు. అందరి ముందు ఒక మనిషి మీద నింద వేసినట్టయింది. అక్కడికక్కడే మార్చి ఇట్లా రాశాను:

చెరువుకట్టలో సెప్టెంబర్ నుంచి పాలు తగ్గుతున్నాయి,
మిగతా ఆరు చోట్లా పెరిగాయి

అప్పుడు మాట కారణం మీదికి మళ్లింది. ఆ ఊరి అధ్యక్షురాలే చెప్పింది: పొద్దున ఐదున్నరకే ఒక ప్రైవేటు కొనుగోలుదారు వచ్చి పాలు కొలుచుకుంటున్నాడని, మా వ్యాన్ ఏడింటికి వస్తోందని. ఆ టైము పెట్టింది వ్యాన్ తమ్ముడు కాదు. రూటు మార్చినప్పుడు మా ఆఫీసే పెట్టింది. రిజిస్టర్ తీసి చూస్తే పాలు పోసేవాళ్లు 60 మంది నుంచి 47కు తగ్గారు. రూటు తిప్పి ఆ ఊరిని ముందుకు తెచ్చాం. కారణం టైటిల్‌లో ముందే రాసేసి ఉంటే ఈ మాటలు బయటికి వచ్చేవి కావని నా గట్టి నమ్మకం. టైటిల్‌లో రాసిన ప్రతి మాటను గీత మీద వేలు పెట్టి చూపించగలగాలి. ఇప్పుడు ప్రింట్ తీసే ముందు అట్లాగే వేలు పెట్టి చూసుకుంటాను.

తెలుగులో క్రియ చివర వస్తుంది. "తగ్గుతున్నాయి" అనే అసలు మాట వాక్యం చివరికి పోతుంది. నా ఎక్సెల్‌లో టైటిల్ పెట్టెను మనం వెడల్పు చేసుకోలేం, వాక్యం పొడవైతే అది తనకు నచ్చిన చోట విరుగుతుంది. ఒకసారి "తగ్గడం" వరకు మాటంతా పైన, "లేదు" కింద పడి అర్థం తిరగబడింది. అందుకే ఎక్కడ విరగాలో నేనే Enter కొట్టి నిర్ణయిస్తాను. ప్రతి లైనూ తనంతట తాను అర్థమయ్యేట్టు చూసుకుంటాను. ఊరి పేరు మొదటే రాసి, దానికి గీత రంగే వేస్తాను. దాంతో లెజెండ్ లేని లోటు తీరిపోతుంది.

ఈ టైటిల్‌ను ఫార్ములాతో నడపాలని కూడా చూశాను. టైటిల్ మీద క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్‌లో `=` కొట్టి ఒక సెల్‌ను చూపిస్తే, ఆ సెల్‌లో ఉన్నదే టైటిల్ అవుతుంది. కానీ అట్లా ముడిపెట్టిన టైటిల్‌లో ఒక్క మాటకు వేరే రంగు వేయడం కుదరదు. పైగా ఒక నెల 4 లీటర్ల తేడాకు కూడా అది "తగ్గాయి" అని రాసింది. రోజుకు 4 లీటర్లంటే ఇద్దరు రైతులు పెళ్లికి పోయినా వచ్చే తేడా. ఆ నెలతో ఫార్ములా టైటిల్ మానేశాను. చార్ట్ చూసి, ఆలోచించి, చేత్తో రాస్తాను. పది నిమిషాలు పడుతుంది.

ఒక ప్రమాదం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. వెనక గీతలతో పాటు పక్కనున్న అంకెల వరస కూడా తీసేయాలనిపిస్తుంది. ఏడు కేంద్రాల మొత్తం పాలకు ఒకే గీతతో చార్ట్ చేసి నేనూ తీసేశాను. మొత్తం 3,120 నుంచి 2,850కి తగ్గింది, అంటే వందకు తొమ్మిది లోపే. కానీ అన్నిటికన్నా పెద్ద అంకెకు, చిన్న అంకెకు తేడా పెద్దదానిలో ఆరో వంతు కన్నా తక్కువైతే ఎక్సెల్ తనంతట తాను సున్నా నుంచి మొదలుపెట్టదు. ఆ రోజు 2,700 నుంచి మొదలుపెట్టింది. పక్కన అంకెలు లేవు, గీత మాత్రం నేలకు దగ్గరగా దిగింది. "సగానికి సగం పోయినయా?" అని ఒక పెద్దాయన ఆందోళనగా అడిగాడు. గీతలు తీసేసినందుకు కాదు, కింద ఎక్కడ మొదలైందో చెప్పే ఒకే ఒక్క ఆనవాలును కూడా తీసేసినందుకు వచ్చిన తప్పు అది. ఇప్పుడు అంకెల వరస తీసే ముందు Format Axis లో Minimum చూస్తాను. అక్కడ 0 లేకపోతే, 0 చేస్తాను, లేదా అంకెలు ఉంచుతాను.

వెన్న శాతాన్ని బట్టి లీటరు ధర చూసుకునే చార్ట్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ రైతు తన శాతం దగ్గర వేలు పెట్టి, పక్కకు జరిపి ధర చదువుకుంటాడు. ఆ వేలికి గీత దారి కావాలి. కేంద్రం గోడ మీద అంటించే ఆ కాగితంలో అడ్డగీతలూ నిలువు గీతలూ అన్నీ అట్లాగే ఉంచాను.

ఈ నెల K1 లో ఇంకా పేరు పెట్టలేదు. చెరువుకట్ట 390కి వచ్చింది. బొడ్రాయి కేంద్రం గీత రెండు నెలలుగా కదలడం లేదు, మిగతావి కదులుతున్నాయి. రేపు అక్కడి రిజిస్టర్ చూసి వచ్చాక టైటిల్ రాస్తాను.