“తే” అక్షరానికి పేరు: Tejaswini మేలా, Thejaswini మేలా, అసలు రెండు పేర్లు మేలా?

విశాఖ నక్షత్రం మూడో పాదంలో పాప పుట్టింది, పంతులుగారు “తే” అక్షరం చెప్పారు, ఇంట్లో అందరికీ తేజస్విని నచ్చింది అనుకుందాం. ఇంగ్లీషులో T తో రాయాలా, Th తో రాయాలా అని ఒక చర్చ మొదలవుతుంది. పూజలకు నక్షత్రం పేరు పెట్టి, కాగితాల మీద వేరే పేరు రాయిద్దామని ఇంకొకరు అంటారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు అక్షరం ఖాయం కావాలి. చంద్రుడు ఒక నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు కాబట్టి దాని నాలుగు పాదాల్లో ఒక్కోటి ఇంచుమించు ఆరు గంటలు నడుస్తుంది. పాదం మారే వేళకు అటూ ఇటూగా పుడితే పది నిమిషాల తేడాతో అక్షరం మారిపోతుంది. అందుకే ఉజ్జాయింపు సమయం కాకుండా ఆసుపత్రి రికార్డులో రాసిన సమయాన్నే చెప్పాలి. రెండు పంచాంగాల్లో పాదం వేరుగా వస్తే మీ ఇంట్లో పాటించే పంచాంగాన్నే పట్టుకోండి.

విశాఖకు వరుసగా తీ, తూ, తే, తో. మూడో పాదానికి “తే” పేరు నచ్చకపోతే అదే నక్షత్రంలోని మిగతా అక్షరాల్లో ఒకటి తీసుకోవడానికి చాలామంది పెద్దలు ఒప్పుకుంటారు. తీ, తూ, తే తులారాశిలోనే ఉంటాయి. తో మాత్రం వృశ్చికంలోకి వెళ్తుంది. “తా” అయితే స్వాతి నాలుగో పాదానిది, నక్షత్రమే మారుతుంది. కాబట్టి ‘త’ తో మొదలైతే చాలులే అని తార, తన్వి వంటి పేర్లకు వెళ్తే పాటించాలనుకున్న పద్ధతినే వదిలేసినట్టు. పద్ధతి ముఖ్యం అనుకునేవాళ్లకు తీ, తూ వైపు జరగడమే మేలు.

ఇక స్పెల్లింగ్. మనం ‘ట’కు t, ‘త’కు th రాస్తాం. ఆ లెక్కన Thejaswini సరైనదే, మన ఊళ్లో ఎవరైనా తేజస్విని అనే చదువుతారు. హిందీ ప్రాంతాల్లో అలా కాదు. వాళ్లు ‘త’కు t, ‘థ’కు th రాస్తారు కాబట్టి ‘థేజస్విని’ అని చదువుతారు. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్ల కంటికి మొదట The కనబడుతుంది, నోటికి ‘ద’ వస్తుంది. T తో రాస్తే వాళ్లు ‘టే’ అంటారు, నిజమే, కానీ ఆ తేడా చిన్నది. హిందీవాళ్లు సరిగ్గానే పలుకుతారు. తేజస్విని అందరికీ తెలిసిన పేరు కావడంతో తెలుగువాళ్లూ Te ని ‘టే’ అనరు.

దీనికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. పేరు చెవిన పడగానే గుమస్తా చేతికి వచ్చే స్పెల్లింగ్ Tejaswini. Thejaswini అని పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట h జారిపోతుంది. జనన ధ్రువపత్రంలో h ఉండి ఆధార్‌లో లేకపోతే స్కూల్లో చేర్చేటప్పుడు అడుగుతారు. స్కూలు రికార్డులో పడిన తప్పు పదో తరగతి మెమోలోకి వెళ్తే దిద్దించుకోవడం చాలా కష్టం. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. ఆ రెండింటిలో ఒకటి పసితనంలోనే h కోసం ఖర్చు చేయడం అనవసరం. అందుకని తేజస్వినికి T మేలు. ‘స్వి’ దగ్గర కూడా Tejasvini కన్నా w ఉన్న రూపమే మన దగ్గర ఎక్కువమంది రాసేది.

అంత వాడుకలో లేని పేరైతే లెక్క మారుతుంది. తోషిత తీసుకోండి. Toshita అని రాస్తే పేరు ముందే తెలియని తెలుగు టీచరు ‘టోషిట’ అని పిలవవచ్చు. మన ప్రాంతంలోనే చదువు సాగేటట్టయితే ఇక్కడ Thoshitha మంచిది. రెండు ‘త’లనూ ఒకే తీరుగా రాయడం మాత్రం మరచిపోవద్దు. Thoshita, Toshitha లాంటి సగం సగం రూపాల్లో h ఎక్కడుందో కన్నవాళ్లకే గుర్తుండదు.

ఎటూ తేలకపోతే ఒక పరీక్ష చేయండి. పేరు తెలియని ముగ్గురికి ఫోన్‌లో పేరు చెప్పి, ఇంగ్లీషులో రాసి పంపమనండి. మరో ముగ్గురికి మీ స్పెల్లింగ్ పంపి పైకి చదవమనండి. రాసినవాళ్లలో ఇద్దరు ఒకేలా రాస్తే అదే వాడండి. చదివినవాళ్లు ముగ్గురూ మూడు రకాలుగా పలికితే స్పెల్లింగ్ కాదు, పేరే మార్చుకోవాలి.

సంఖ్యాశాస్త్రం చూసేవాళ్లు అక్షరాలు కలపమంటారు. కాల్డియన్ పద్ధతిలో Tejaswini మొత్తం 27, అంటే 9. v, w రెండింటికీ విలువ 6 కనుక Tejasvini కూడా 27 దగ్గరే ఉంటుంది. h చేరిస్తే 32, అంటే 5. మీకు అది ముఖ్యమైతే ధ్రువపత్రానికి ముందే చూపించుకోండి. కాగితాలన్నీ అయ్యాక ఇంకో a కలిపితే పై చిక్కులన్నీ మళ్లీ మొదలు.

మూడో దారి రెండు పేర్లు. సంకల్పంలో గోత్రం, నక్షత్రంతో పాటు చెప్పే పేరు తేజస్విని, కాగితాల మీద మరొకటి. “తే” లాంటి సులువైన అక్షరానికి ఇది అక్కర్లేదు. ఆరుద్ర మూడో పాదానికి ‘ఙ’, హస్త మూడో పాదానికి ‘ణ’ వచ్చినప్పుడు ఇది నిజంగా ఆదుకుంటుంది, ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లు దొరకవు. ‘ణ’కు బదులు ‘న’ పెట్టేస్తుంటారు గానీ నా, నీ, నూ, నే అనూరాధవి. దానికన్నా హస్తలోనే మొదటి పాదం ‘పూ’ తీసుకుని పూర్ణిమ అంటే నక్షత్రమూ రాశీ రెండూ నిలుస్తాయి, Purnima అని రాస్తే ఎవరూ తడబడరు. రెండు పేర్లు పెట్టినా కాగితాల మీద ఒక్కటే ఉండాలి. రెండూ కలిపి రాయిస్తే ఒక ఆఫీసు ఒకటి, ఇంకో ఆఫీసు రెండోది తీసుకుంటుంది.

పేరు తేలకముందే తొందరపడి రాయించకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకూ పేరు చేర్పించుకోవచ్చు. కానీ 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూలు, ఆధార్, పాస్‌పోర్టు దేనికైనా పుట్టిన తేదీకి రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి మిగతావన్నీ దాన్ని చూసే రాయించాలి. చేర్పించేటప్పుడు నోటితో చెప్పకుండా పెద్ద అక్షరాల్లో రాసిన చీటీ ఇవ్వండి. ప్రింటు తీసేముందు స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చూసుకోండి, పత్రంలో తెలుగు పేరు కూడా ఉంటే ‘టేజస్విని’ అని పడిందేమో చూడండి. ఇంటిపేరును పొడి అక్షరంగా వదలకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, అప్పుడు విడదీసి రాస్తే ధ్రువపత్రంతో కలవదు.