స్లైడింగ్ కిటికీల కటింగ్ లెక్కల షీట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

గుంటూరులో మాది చిన్న అల్యూమినియం వర్క్స్ షాపు. మేం చేసే పనిలో ఎక్కువ భాగం ముప్పావు అంగుళం సిరీస్ టూ ట్రాక్ స్లైడింగ్ కిటికీలే. ఏ సెక్షన్ ఎంత పొడవు కోయాలి, అద్దం ఏ సైజుకు చెప్పాలి అన్నది ఒకప్పుడు మేస్త్రీల నోటి లెక్క మీదే నడిచేది. ఇదే పని చేసే మిత్రుడొకరు తను వాడే స్ప్రెడ్‌షీట్ ఇచ్చారు. అందులోని అంకెలు నా సెక్షన్లకు తగ్గట్టు మార్చుకుని అప్పటి నుంచి ఫోన్‌లో వాడుతూనే ఉన్నాను. ఇలాంటి షీట్ పెట్టుకుందామనుకునే వాళ్లకు నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

షీట్ మొత్తం ఇంతే. A2లో ఫ్రేమ్ వెడల్పు, B2లో ఎత్తు, రెండూ మిల్లీమీటర్లలో ఇవ్వాలి.

```
C2  =B2-38
D2  =INT((A2-127)/2)
E2  =D2+16
F2  =C2-76
G2  =2*E2*F2/92903
H2  =(2*(A2+B2)+4*C2+4*D2)/304.8
I2  =2*CEILING(E2/25.4,3)*CEILING(F2/25.4,3)/144
```

C2 అంటే షట్టర్ ఎత్తు, షట్టర్ అంటే అద్దం బిగించి పక్కకు జరిపే తలుపు. షట్టర్‌కు ఫ్రేమ్ వైపు నిలువు ముక్క హ్యాండిల్, మధ్యలో రెండో షట్టర్‌ను పట్టుకునే నిలువు ముక్క ఇంటర్‌లాక్. రెండూ ఈ పొడవుకే కోస్తాం. D2 బేరింగ్ ముక్క పొడవు, షట్టర్‌కు పైన ఒకటి, కింద ఒకటి. E2, F2 అద్దం వెడల్పు, ఎత్తు. G2 రెండు అద్దాల వైశాల్యం చదరపు అడుగుల్లో, H2 మొత్తం అల్యూమినియం పొడవు అడుగుల్లో. I2 సంగతి తర్వాత చెబుతాను.

ఈ షీట్‌కు ప్రాణం 127 అన్న అంకె. 5 అంగుళాలు మైనస్ చేసి సగం చేయమని మేస్త్రీలు చెప్పేది ఇదే. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా వాడితే సెక్షన్ మారిన రోజు పని మొత్తం పాడవుతుంది. నా దగ్గరున్న సెక్షన్‌లో హ్యాండిల్ 40 మి.మీ., ఇంటర్‌లాక్ 30 మి.మీ. వెడల్పు తీసుకుంటాయి. రెండు షట్టర్లకు కలిపి రెండు హ్యాండిళ్లు, రెండు ఇంటర్‌లాక్‌లు, అంటే 140. మధ్యలో ఇంటర్‌లాక్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి 28 తీసేయాలి. రెండు పక్కలా సైడ్ సెక్షన్‌కు, సందుకు కలిపి 15 కలపాలి. మొత్తం 127. వేరే కంపెనీ సెక్షన్‌లో హ్యాండిల్ 3 మి.మీ. ఎక్కువున్నా ఈ అంకె 133 అవుతుంది. అందుకే కొత్త సెక్షన్ వచ్చినప్పుడల్లా ఒక అడుగు ముక్కలు కోసి, జోడించి, కాలిపర్‌తో కొలిచాకే షీట్‌లో అంకె మారుస్తాం.

అంకె తప్పిందా లేదా అన్నది కిటికీయే చెబుతుంది. రెండు షట్టర్లూ మూసి చూడండి. హ్యాండిల్ సైడ్ గాడిలోకి పూర్తిగా వెళ్లినా మధ్యలో ఇంటర్‌లాక్‌లు పట్టుకోకపోతే బేరింగ్ ముక్క పొడుగ్గా కోశారన్నమాట. ఇంటర్‌లాక్‌లు ముందే పట్టేసి హ్యాండిల్ దగ్గర వెలుగు కనిపిస్తుంటే పొట్టిదైందన్నమాట. ఎత్తుకూ ఇలాంటి పరీక్షే ఉంది. షట్టర్‌ను పై ట్రాక్‌లోకి పూర్తిగా ఎత్తితే కింది పట్టా దాటి లోపలికి రావాలి. వదిలేసి కింద కూర్చోబెట్టాక పై అంచు ఇంకా ట్రాక్‌లోనే ఉండాలి. ఎత్తినప్పుడు రాకపోతే 38 తక్కువైనట్టు, కూర్చున్నాక పైన వదులైపోతే 38 ఎక్కువైనట్టు. రెండోది ప్రమాదం. పై అంతస్తులో షట్టర్ ఊడి కింద పడవచ్చు. ఈ పరీక్ష చేయకుండా మా షాపు నుంచి కిటికీ బయటికి పోదు.

ఇప్పుడు ఒక కిటికీ పూర్తిగా లెక్క వేద్దాం. అందరూ చేయించుకునే 5 అడుగులు బై 4 అడుగులే తీసుకుందాం. గోడలో ఓపెనింగ్ నిజంగా 1524 బై 1219 ఉండదు. వెడల్పు పైన, మధ్యలో, కింద కొలుస్తాం. ఎత్తు కూడా మూడు చోట్ల కొలుస్తాం. రెండింట్లోనూ అన్నిటికంటే చిన్న కొలతే తీసుకుంటాం. ఈ కిటికీకి అది 1516 బై 1216 వచ్చిందనుకోండి. చుట్టూ సిలికాన్‌కు 3 మి.మీ. చొప్పున వదిలితే ఫ్రేమ్ 1510 బై 1210. మూలల మధ్య కొలత కూడా తీయాలి. రెండు మూలల కొలతల మధ్య తేడా బాగా ఎక్కువుంటే గోడే వంకరని అర్థం. అది ఏ షీట్‌కూ తెలియదు, ప్లాస్టర్ సరిచేయించాకే మళ్లీ కొలవాలి.

షట్టర్ ఎత్తు 1172, బేరింగ్ 691. అద్దం ఒక్కొక్కటి 707 బై 1096. రెండింటికీ కలిపి 16.68 చదరపు అడుగులు. కిటికీ మాత్రం 19.67 చదరపు అడుగులు. అంటే కస్టమర్ బిల్లులో చూసే వైశాల్యంలో అద్దం 85 శాతమే. అల్యూమినియం చూస్తే ఫ్రేమ్‌కు 5440 మి.మీ., నిలువు ముక్కలు నాలుగింటికి 4688, బేరింగ్ ముక్కలు నాలుగింటికి 2764. మొత్తం 12,892 మి.మీ., సుమారు 42.3 అడుగులు. ఫ్రేమ్ మూలల్లో సైడు, ట్రాకు కలిసే చోట కాస్త తగ్గించి కోస్తాం గానీ, కొనుగోలు లెక్కకు పూర్తి కొలతే వేసుకుంటాను.

ఈ షీట్ వల్ల నాకు కలిగిన పెద్ద లాభం తర్వాతి వరుసలో ఉంది. బాత్రూమ్‌కు 2 అడుగుల చదరపు కిటికీ, 610 బై 610 అని కొట్టండి. అద్దం రెండూ కలిపి 2.74 చదరపు అడుగులు, అల్యూమినియం 18.67 అడుగులు. పెద్ద కిటికీకి చదరపు అడుగుకు 2.15 అడుగుల సెక్షన్ పడితే, ఈ చిన్నదానికి 4.66 అడుగులు పడుతోంది. రెట్టింపు కంటే ఎక్కువ. పైగా బేరింగ్ చక్రాలు, లాక్, కోత కూలీ రెండింటికీ దాదాపు ఒకటే. ఇంటికంతా ఒకే ఎస్ఎఫ్టీ రేటు చెప్పే వాళ్లు చిన్న కిటికీల్లో చేతి డబ్బు పోగొట్టుకుంటారు, లేదా ఆ నష్టాన్ని పెద్ద కిటికీల రేటులో కలిపేస్తారు. నేను ఇప్పుడు 6 చదరపు అడుగుల లోపు కిటికీలకు విడిగా రేటు చెబుతున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఈ రెండు వరుసలే చూపిస్తాను. చూశాక వాదించేవాళ్లు తక్కువ.

ఇక I2. అద్దం దుకాణం వాళ్లు మనం ఇచ్చిన సైజుకు బిల్లు వేయరు. మేం తీసుకునే చోట వెడల్పు, ఎత్తు రెండూ పైనున్న 3 అంగుళాల గుణకానికి పెంచి వేస్తారు. 707 బై 1096 అంటే 27.83 బై 43.15 అంగుళాలు. బిల్లు 30 బై 45కి పడుతుంది. రెండింటికి 18.75 చదరపు అడుగులు. కిటికీలో కూర్చునేది 16.68, డబ్బు కట్టేది 18.75కి. బాత్రూమ్ కిటికీకి ఇంకా ఎక్కువ తేడా, 2.74 బదులు 3.5. మొదట నాకు వచ్చిన షీట్‌లో ఈ గడి లేదు, నేనే చేర్చుకున్నాను. మీ దుకాణం లెక్క వేరైతే ఆ ఫార్ములాలో 3 బదులు వాళ్ల అంకె పెట్టండి.

అద్దం విషయంలో ఒక హెచ్చరిక. మామూలు అద్దమైతే షీట్ సైజే చెప్పేయొచ్చు, రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా షాపులో సరిచేసుకోవచ్చు. టఫెన్డ్ అద్దం అలా కాదు, ఒకసారి టఫెన్ చేశాక కోయడం కుదరదు. అలాంటి ఆర్డర్లకు ముందు షట్టర్ కోసి, అద్దం లేకుండా జోడించి, లోపలి గాడి నుంచి గాడికి కొలిచి, రబ్బర్ మందం తీసేశాకే సైజు పంపిస్తాం. 16, 76 అన్న అంకెలు మేం వాడే 5 మి.మీ. అద్దానికి, దాని రబ్బర్‌కు సరిపోయేవి. అద్దం పెద్దదైతే మూలల్లో హ్యాండిల్, బేరింగ్ ముక్క కలిసే చోట సన్నని సందు మిగిలిపోతుంది, స్క్రూ ఎంత బిగించినా మూసుకోదు. అప్పుడు ఇంకా బిగిస్తే అద్దం పగులుతుంది.

షీట్ పెద్ద బలహీనత H2లో ఉంది. మొత్తం పొడవు చెబుతుంది, ఎన్ని బార్లు కొనాలో చెప్పదు. పై ట్రాక్, కింది ట్రాక్, హ్యాండిల్, ఇంటర్‌లాక్, బేరింగ్ దేనికదే వేరే సెక్షన్. 42.3 అడుగులని ఒకే మొత్తంగా చూపించడం రేటు వేసుకోవడానికి పనికొస్తుంది గానీ సరుకు తేవడానికి పనికిరాదు. 6 అడుగుల కిటికీ చూడండి. ఫ్రేమ్ వెడల్పు 1823 అనుకుందాం. 12 అడుగుల బార్ 3657 మి.మీ. రెండు ట్రాకులకు 3646 చాలు కదా, ఒక బార్‌లో రెండొస్తాయి అనిపిస్తుంది. కానీ బార్ చివర్లు రవాణాలో నొక్కుకుపోతాయి, అటు 5 ఇటు 5 తీసేస్తే 3647 మిగులుతుంది. మధ్యలో రంపం బ్లేడు మరో 4 మి.మీ. తినేస్తుంది. రెండో ముక్క 3 మి.మీ. తక్కువ. బార్ కాస్త పొడుగ్గా వస్తే అదృష్టం, లేకపోతే రెండో బార్ కోయాల్సిందే.

దీనికి భిన్నంగా 5 అడుగుల కిటికీ ట్రాకులు 1510 చొప్పున అదే బార్‌లో రెండొచ్చాక, చివర్లు, బ్లేడు పోను 619 మిగులుతుంది. బాత్రూమ్ కిటికీ ట్రాక్ 610. సరిగ్గా అందులోనే వచ్చేస్తుంది. ఈ పొత్తు కుదిర్చే పని షీట్ చేయలేదు. అందుకే నేను ముక్కల పట్టిక షీట్ నుంచి తీసుకుని, ఏ బార్‌లో ఏ ముక్కలు రావాలో కాగితం మీద విడిగా వేస్తాను. పొడుగు ముక్కలు ముందు, మిగిలిన చోట చిన్నవి.

ఇంకో పరిమితి, ఈ షీట్ రెండు షట్టర్లకే. త్రీ ట్రాక్‌లో మూడు అద్దాలు పెడితే చాలామంది 127 అలాగే ఉంచి మూడుతో భాగిస్తారు. అది తప్పు. మధ్య షట్టర్‌కు రెండు వైపులా ఇంటర్‌లాక్‌లే ఉంటాయి. కాబట్టి రెండు హ్యాండిళ్లకు 80, నాలుగు ఇంటర్‌లాక్‌లకు 120, రెండు చోట్ల మీద పడేవి 56 మైనస్, పక్కలకు 15, మొత్తం 159. 127తో కోస్తే ఒక్కో బేరింగ్ ముక్క దాదాపు 11 మి.మీ. ఎక్కువొచ్చి, కిటికీ ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. దోమల మెష్ షట్టర్ అదనంగా పెడితే మాత్రం తేలిక. పై 5 బై 4 కిటికీకి నిలువు రెండు, అడ్డం రెండు కలిపి మరో 12.2 అడుగుల సెక్షన్, అంతే.

బరువు కూడా ఇందులో రాదు. మేం సరుకు కిలోల్లో కొంటాం, ఒకే సెక్షన్ మందం మారితే బార్ బరువు మారుతుంది. ప్రతి లోడ్‌లో ఒక్కో సెక్షన్ నుంచి ఒక బార్ తూకం వేయించి, అడుగుకు ఎన్ని గ్రాములో పక్క గడిలో రాసుకుంటాను. ఆ గడిలో అంకె కిందటి లోడ్ కంటే తగ్గితే, మందం కాలిపర్‌తో చూశాకే సరుకు దించుకుంటాం.