షూ లోపలి కుట్టు చెప్పే సంగతి

షూ లోపలి మెత్తను ఎత్తి చూడండి. అంచు చుట్టూ కుట్టిన గుడ్డ కనిపిస్తే అది స్ట్రోబెల్ అనే పద్ధతిలో చేసిన షూ. పైభాగాన్ని ఆ గుడ్డకు సంచిలా కుట్టి, కింద సోల్ అతికిస్తారు. అందుకే పాదంతో పాటు సులువుగా వంగుతుంది. బోర్డ్ లాస్టింగ్ అనే పద్ధతిలో పైభాగాన్ని గట్టి అట్ట కిందికి లాగి అతికిస్తారు. మెలి తిరగదు, వంగడమూ తక్కువే.

బ్లేక్ అనే కుట్టు పద్ధతిలో ఒకే దారం లోపలి అడుగు పొర అయిన ఇన్‌సోల్, పైతోలు, సోల్ మూడింటినీ కలుపుతుంది. తోలు షూల్లో ఇది బాగా వంగే రకం, కానీ కుట్టు రంధ్రాల గుండా తడి లోపలికి వస్తుంది.

రిపేరుకైతే నా ఓటు బ్లేక్‌కే. దారం తెంపి కొత్త సోల్ కుట్టొచ్చు, అయితే దానికి ప్రత్యేక మెషిన్ కావాలి. పాత రంధ్రాల పక్కనే కొత్తవి పడితే ఇన్‌సోల్ చిరుగుతుంది. స్ట్రోబెల్ సోల్‌ను వేడి చేసి ఊడదీస్తే ఫోమ్ చెడే ప్రమాదముంది.