ఆక్సీమీటర్: కూర్చుని చూడాలా, నడిచి చూడాలా?

జ్వరం, దగ్గు ఉన్న మనిషికి వేలికి ఆక్సీమీటర్ పెట్టి ఆక్సిజన్ చూడటానికి రెండు పద్ధతులున్నాయి. కదలకుండా కూర్చుని చూడటం ఒకటి, ఆరు నిమిషాలు నడిచి చూడటం రెండోది. రోజూ చూసుకోవడానికి మొదటిదే మేలు. నిమ్ము చేరిందేమో అన్న అనుమానం ఉంటే మాత్రం ఆ ఒక్క అంకెతో ఊరుకోవడం ప్రమాదం.

కూర్చున్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల గుండా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి, దెబ్బతిన్న చోట కూడా ఆక్సిజన్ అందుకునే వ్యవధి దొరుకుతుంది. నడిస్తే ఆ వ్యవధి తగ్గి లోపం బయటపడుతుంది. ఉదాహరణకు, జ్వరం మొదలై ఆరో రోజున 58 ఏళ్ల మనిషికి కూర్చుంటే ఆక్సిజన్ 96 శాతం వచ్చింది. గదిలోనే ఆరు నిమిషాలు నడిచాక 91కి పడింది, ఆయాసం కూడా వచ్చింది. 96 చూసి ఇంట్లోనే ఉంచేస్తే పొరపాటే, ఈయన్ను అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. నడిచాక 3 పాయింట్లకు మించి తగ్గినా, 93 కంటే కిందకు వచ్చినా అంతే.

అయితే నడక అందరికీ కాదు. కూర్చున్నప్పుడే 94 లేనివారిని, ఆయాసపడుతున్నవారిని, ఉబ్బసం ఉన్నవారిని నడిపించకూడదు. అరవై దాటినవారికి మూడు నిమిషాలు చాలు. పక్కన ఒకరు ఉండాలి, తల తిరిగినా ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆపేయాలి.

ఏ పద్ధతైనా అంకె సరిగా రావాలి. ఐదు నిమిషాలు కూర్చున్నాక, నెయిల్ పాలిష్, గోరింటాకు లేని వేలికి పెట్టి, చెయ్యి గుండె ఎత్తున కదలకుండా ఉంచండి. మొదట కనిపించే అంకెను రాసుకోకండి. నిమిషం పాటు ఆగి, నిలకడగా ఉన్నదే తీసుకోవాలి. వేలు చల్లగా ఉంటే రక్తం సరిగా పారక 85, 88 అని తప్పుగా చూపిస్తుంది, చేతులు రుద్ది వెచ్చబరిచి మళ్లీ చూడండి. మణికట్టు దగ్గర నాడి లెక్కపెడితే యంత్రం చూపే పల్స్‌తో సరిపోవాలి. అది కలవకపోతే ఆక్సిజన్ అంకెనూ నమ్మలేం. నల్లని చర్మం వారిలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోండి.

కూర్చున్నప్పుడు 90 నుంచి 93 మధ్య ఉంటే ఆ రోజే డాక్టర్ చూడాలి. 90 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఏళ్లుగా సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి 88 నుంచి 92 మామూలే కావచ్చు, వాళ్ల హద్దు ఎంతో డాక్టర్‌ను ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. పెదాలు నీలంగా మారినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, మనిషి మత్తుగా, అయోమయంగా ఉన్నా యంత్రం 97 చూపిస్తున్నా సరే ఆసుపత్రికి బయల్దేరాలి.