మైపాడు బీచ్, ఉదయగిరి పల్లె: నక్షత్రాల కోసం రెండు రాత్రులు

జనవరి అమావాస్యకు ఒక రాత్రి మైపాడులో, ఇంకో రాత్రి ఉదయగిరి దగ్గర పల్లెలో గడిపాం. నేను, మా తమ్ముడు. కంటితోనే ఆండ్రోమెడా గెలాక్సీని చూడాలన్నది మా కోరిక.

మైపాడు నెల్లూరు నుంచి దగ్గరే. సముద్రం వైపు, అంటే తూర్పున, మంచి చీకటి ఉంది. కానీ జనవరిలో రాత్రి ఎనిమిదికి ఆండ్రోమెడా వాయవ్యాన ఉంటుంది. అటు చూస్తే రొయ్యల చెరువుల లైట్లు. గది శుభ్రంగానే ఉంది, వరండా లైటు మాత్రం తెల్లగా కొడుతోంది. అడగగానే వాచ్‌మన్ ఆపేశాడు.

అరగంట చీకట్లో కూర్చున్నాం. కన్ను చీకటికి బాగా అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. నక్షత్రాల మ్యాప్ యాప్‌లో స్క్రీన్‌ని ఎర్రగా చేసే నైట్ మోడ్ పెట్టి దారి వెతుకుతున్నాం. అంతలో ఫోన్ లాక్ అయింది. తెరవగానే తెల్ల స్క్రీన్ కళ్లలో కొట్టింది, అరగంట వృథా. తప్పు మాదే: యాప్ ఎరుపు యాప్ వరకే. లాక్ స్క్రీన్, మెసేజ్‌లు, కీబోర్డు తెల్లగానే వస్తాయి.

మర్నాడు బయలుదేరే ముందే ఫోన్ మొత్తాన్ని ఎరుపు చేశాం. తమ్ముడిది ఐఫోన్. Settings → Accessibility → Display & Text Size → Color Filters లోకి వెళ్లి, Color Tint ఎంచుకుని, Intensity, Hue రెండూ కుడి చివరికి జరిపాడు. Accessibility Shortcut లో దాన్ని పెట్టుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కగానే ఎరుపు వస్తుంది, పోతుంది. అయినా బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించాలి. ఎరుపైనా ఎక్కువైతే చూపు చెడుతుంది.

నా ఆండ్రాయిడ్‌లో నైట్ లైట్ సరిపోలేదు. అది నీలాన్ని తగ్గించి స్క్రీన్‌ని పసుపు చేస్తుందే గాని, ఆకుపచ్చను వదిలేస్తుంది. మసక వెలుగులో పనిచేసే రాడ్ కణాలు ఎక్కువగా స్పందించేది నీలం, ఆకుపచ్చల మధ్య రంగుకే. ముదురు ఎరుపు వాటికి దాదాపు కనపడదు, అందుకే ఎరుపు. నేను ఫోన్ జేబులో పెట్టేసి టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం రెండు పొరలు చుట్టాను.

ఉదయగిరికి నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దాకా ప్రయాణం. చీకట్లో కొండ ఎక్కే పని పెట్టుకోకుండా, బంధువుల డాబా మీద పడుకున్నాం. సౌకర్యాలు తక్కువ, చలి ఎక్కువ, చీకటి మాత్రం మైపాడు కంటే చాలా మేలు.

"ఏడుందిరా అబ్బయ్యా, నాకేం కనపడలా," అన్నాడు మామ.

"నేరుగా చూడబాక మామా. కొంచెం పక్కకి చూడు," అన్నాడు తమ్ముడు.

కంటి మధ్యలో రాడ్లు ఉండవు, అందుకే పక్కచూపు. కాసేపటికి మామ, "ఆ... పొగ మరక మాదిరి!" అన్నాడు. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ నాలుగుసార్లు తెరిచాడు. మరక ఒక్కసారి కూడా మాయం కాలేదు.