TKIP దాటి రాని పాత ప్రింటర్‌తో రెండేళ్లు

మా ఇంట్లో ఉన్నది 2007 నాటి బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్. మా ఆవిడ ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలన్నీ దాని మీదే. టోనర్ నింపిస్తే చాలు, ఇప్పటికీ గడగడా కొట్టేస్తుంది, అందుకే పారేయబుద్ధి కాలేదు. చిక్కల్లా వైఫైతోనే. నెట్‌వర్క్ సెట్టింగుల పేజీ ప్రింట్ తీసి చూస్తే వైఫైకి వేసే పాత, బలహీనమైన తాళాలు WEP, TKIP ఉన్నాయి గానీ ఇప్పటి గట్టి తాళం AES అన్న మాటే లేదు.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను, రూటర్‌లో TKIP, AES రెండూ కలిపిన సెట్టింగ్ పెట్టాను. ప్రింటర్ కలిసింది. మర్నాడే ఐఫోన్‌లో మా వైఫై పేరు కింద Weak Security అని కనిపించింది. ఫోన్ AESతోనే కలుస్తోంది కదా, నాకేం అనుకున్నా. కానీ అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లకు తాళంచెవి ఒక్కటే ఉంటుంది, పాత ప్రింటర్‌కు కూడా అర్థం కావాలి కాబట్టి దానికి TKIPనే వాడతారు. అంటే ఒక్క ముసలి ప్రింటర్ కోసం ఇల్లంతా మెట్టు దిగినట్టే. వెంటనే తీసేశాను.

తర్వాత తట్టింది, ప్రింటర్ వెనక లాన్ పోర్టు ఉంది కదా! అటక మీద పడున్న పాత రూటర్‌ని దింపి, ముందు దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి (2017లో బయటపడ్డ KRACK అనే వైఫై భద్రతా లోపం ముఖ్యంగా ఇలా కలిసే పరికరాల వైపుదే, కాబట్టి ఇది వదిలేయొద్దు), Client మోడ్‌లో పెట్టాను. అది ఇంటి వైఫైకి WPA2-AESతో కలుస్తుంది, ప్రింటర్ దానికి మీటరు వైరుతో కలుస్తుంది. ప్రింటర్ సొంత వైఫై ఆఫ్. బలహీనమైన తాళంతో ఏదీ గాల్లోకి వెళ్లే పనే లేదు.

మొదటి వారం మాత్రం టెన్షన్ పెట్టింది. ఉన్నట్టుండి లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ పోయేది. ఐపీ చూస్తే మా 192.168.1 బదులు 192.168.0తో మొదలవుతోంది. పాత రూటర్‌లో DHCP ఆపడం మర్చిపోయాను, అది కూడా అడ్రసులు పంచేస్తోంది! ఆపాక మళ్లీ రాలేదు.

ప్రింటర్‌కు 192.168.1.50 అని చేత్తోనే పెట్టాను, రూటర్ పంచే వరుస 100 నుంచి మొదలవుతుంది కాబట్టి గొడవ లేదు. బయటి ఇంటర్నెట్‌కు దారి చూపే గేట్‌వే గడి కావాలనే ఖాళీగా వదిలేశాను. ఇంట్లోని ప్రింటింగ్‌కు దానితో పనిలేదు, అప్‌డేట్లు ఏనాడో ఆగిపోయిన ఆ మెషిన్ బయటి ఇంటర్నెట్‌తో మాట్లాడకుండా కూడా పోయింది. అయితే ఇంటి నెట్‌వర్క్ లోపల ఎవరైనా దాన్ని చేరగలరు, ఆ లోటు ఉంది.

లాప్‌టాప్‌లు ప్రింటర్‌ని వాటంతటవే కనిపెట్టవు, ఐపీ కొట్టి 9100 పోర్టుతో చేర్చాలి. ఫోన్ల నుంచి ప్రింట్ నాకైతే కుదరలేదు. కరెంటు పోయి వస్తే రెండు నిమిషాలు ఆగితే చాలు.

లాన్ పోర్టు లేని మా పాత ఫొటో ఫ్రేమ్‌కు ఈ ఉపాయం పనికిరాలేదు, దాని వైఫై WEP దాటి రాదు. దాని కోసం ఇంకో వైఫై పెట్టే ఓపిక లేక మెమరీ కార్డుతోనే నడిపిస్తున్నాం, ఫొటోలు మార్చే డ్యూటీ మా అమ్మాయిది.