గమనించారా, అంగీకరించారా, తీర్మానించారా: మినిట్స్‌లో ఏ మాట మేలు?

ఒక సంఘం భవనం పైకప్పు కారుతోందనుకుందాం. సంఘానికి ఒక కార్యవర్గం, దాని కింద భవనం బాగోగులు చూసే ఉపసంఘం ఉన్నాయి. ఉపసంఘం ఒక పనికి లక్ష వరకు సొంతంగా ఖర్చు పెట్టొచ్చు, అంతకు మించితే కార్యవర్గమే తేల్చాలన్నది నియమావళి. మరమ్మతుకు మూడు కొటేషన్లు వచ్చాయి, అన్నిటికన్నా తక్కువది 4,80,000. ఉపసంఘం కూర్చుని మాట్లాడింది, అందరూ ఆ తక్కువ కొటేషన్ వైపే మొగ్గారు. ఇప్పుడు మినిట్స్ రాసేవారు ఆ వాక్యం చివర ఏ క్రియ పెట్టాలి? చేతిలో ఐదున్నాయి. ఏది పెడతారన్న దాన్ని బట్టి మర్నాడు మేస్త్రీ పనిలోకి వస్తాడో రాడో తేలుతుంది.

అన్నిటికన్నా తేలికైంది ‘గమనించడమైనది’. విషయం మా ముందుకు వచ్చింది, చూశాం అని మాత్రమే దాని అర్థం. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఐక్యరాజ్యసమితిలోనే దీని మీద తకరారు వచ్చి, ‘గమనించింది’ అన్నది తటస్థమైన మాటేననీ, అది ఆమోదమూ కాదు నిరాకరణా కాదనీ సర్వప్రతినిధి సభ 2001లో ఒక నిర్ణయంలో స్పష్టం చేయాల్సి వచ్చింది. తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘నోట్ చేసుకున్నాం లెండి’ అని మనం నోటితో అంటే ‘చూసుకుంటాం, చేస్తాం’ అనే ధ్వని వస్తుంది. ఫిర్యాదు చేసిన సభ్యుడు మినిట్స్‌లో ‘గమనించడమైనది’ అని చూసి పని అవుతుందని ఎదురుచూస్తాడు. రాసినవారి దృష్టిలో మాత్రం ఆ విషయం అక్కడితో సరి. కాబట్టి కోశాధికారి నెలవారీ లెక్కలు, తెలియజేయడానికి మాత్రమే వచ్చిన ఉత్తరాలు, ఇలా ఎవరూ ఏమీ చేయనక్కర్లేని వాటికే ఈ క్రియ సరిపోతుంది. పైకప్పు విషయంలో ‘కొటేషన్లను గమనించడమైనది’ అని రాస్తే వచ్చే వానకూ కారుతుంది.

దీనికి ఎదురు తప్పు మరొకటి ఉంది. ఒక నివేదిక వస్తుంది, అందులో ఎక్కడో మూడు సిఫారసులు ఉంటాయి. మర్యాదకి ‘నివేదికను ఆమోదించడమైనది’ అని రాసేస్తారు. ఆ మూడూ అప్పుడే ఆమోదం పొందినట్టే అని తర్వాత ఎవరైనా వాదిస్తే కాదనడం కష్టం. నివేదికనూ, అందులోని సిఫారసులనూ విడదీసి రాయాలి: ‘నివేదికను గమనించడమైనది. అందులోని 2వ సిఫారసును మాత్రమే ఆమోదించడమైనది.’

‘అంగీకరించారు’ నా దృష్టిలో ఐదింటిలోకీ ప్రమాదకరమైన మాట, ఎందుకంటే వినడానికి గట్టిగా ఉండి లోపల డొల్లగా ఉంటుంది. ‘తక్కువ కొటేషన్‌తో ముందుకు వెళ్లడానికి అంగీకరించారు.’ ఎవరు? తెలుగులో కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. పైగా ‘-ఆరు’ బహువచనమూ కావచ్చు, గౌరవమూ కావచ్చు. అధ్యక్షులు ఒక్కరే తలూపారా, ఉపసంఘం అంతా ఒప్పుకుందా, ఫోన్లో మాట్లాడిన కాంట్రాక్టరు ఒప్పుకున్నాడా, ఆరు నెలల తర్వాత చదివితే మూడూ సాధ్యమే. ‘అంగీకరించడమైనది’ అని మార్చినా లాభం లేదు, కర్త ఇంకా లోపలికి పోతాడు. ఓటు అవసరం లేని అంతర్గత ఏర్పాట్లకు ఈ మాట బాగుంటుంది, కర్తనూ గడువునూ చేర్చితేనే: ‘15వ తేదీలోగా మూడు కొటేషన్ల పోలిక పట్టిక తయారు చేయడానికి ఉపసంఘం కన్వీనర్ అంగీకరించారు.’ డబ్బు విషయాన్ని మాత్రం దీని మీద నిలబెట్టకూడదు.

ఇక మన ఉపసంఘానికి న్యాయంగా దక్కేది ‘సిఫారసు చేయడమైనది’. అధికారం తమది కానప్పుడు, అధికారం ఉన్నవారికి అభిప్రాయం చెప్పే క్రియ ఇది. ఐక్యరాజ్యసమితి చార్టర్‌లోనూ ఇదే తేడా: సర్వప్రతినిధి సభ సభ్యదేశాలకు సిఫారసు చేయగలదు, భద్రతా మండలి నిర్ణయాలను మాత్రం సభ్యదేశాలు అమలు చేయాలి. సిఫారసు వాక్యంలో ఎవరికి, ఏమిటి, ఎందుకు అన్న మూడూ ఉండాలి. ‘బి కొటేషన్ ధర తక్కువగా ఉండి, ఐదేళ్ల హామీ కూడా ఉన్నందున, దాన్ని మంజూరు చేయవలసిందిగా కార్యవర్గానికి సిఫారసు చేయడమైనది.’ ఒక సభ్యుడు మధ్యలో అన్న మాటను సిఫారసు అనకండి. అది ‘సూచించారు’. సిఫారసు ఉపసంఘం మొత్తానిది.

కాగితం కార్యవర్గానికి చేరింది. ఇప్పుడు మిగిలినవి ‘ఆమోదించడమైనది’, ‘తీర్మానించడమైనది’. రెండింటికీ బలం ఉంది, పనితీరు వేరు. ఆమోదం ఎప్పుడూ ఎదురుగా ఉన్న ఒక పత్రానికి దొరుకుతుంది: బడ్జెట్, ప్లాను, కొటేషన్. ఆ పత్రం ఏదో గుర్తుపట్టేలా రాయకపోతే ఆమోదం గాల్లో వేలాడుతుంది. కొటేషన్ తర్వాత సవరించి ఐదు లక్షల పాతిక వేలు చేస్తే, ఆమోదించింది పాతదా కొత్తదా? అందుకే తేదీ, మొత్తం, పన్నులు కలిపా విడిగానా అన్నవి ఆ వాక్యంలోనే ఉండాలి. ‘సూత్రప్రాయంగా ఆమోదించడమైనది’ అని రాస్తే, ఖర్చుకు మళ్లీ ఎవరి అనుమతి కావాలో కూడా పక్కనే రాయాలి. లేకపోతే ఒకరు పని మొదలుపెడతారు, ఇంకొకరు ఆపుతారు.

తీర్మానం మరో పత్రం మీద ఆధారపడదు, తన కాళ్ల మీద తను నిలబడాలి. సమావేశంలో లేనివాడు ఆ ఒక్క పేరా విడిగా చదివినా ఏం చేయాలో తెలియాలి. ఖాతాలో సంతకందారుల మార్పు లాంటి వాటికి బ్యాంకు అడిగేది తీర్మానం నకలే. అక్కడ ‘సభ్యులు అంగీకరించారు’ అన్న కాగితం తీసుకెళ్తే వెనక్కి పంపే అవకాశమే ఎక్కువ. పైకప్పు తీర్మానం ఇలా ఉండొచ్చు:

‘తీర్మానం 7: పైకప్పు మరమ్మతు పనిని, 12వ తేదీ నాటి బి కొటేషన్ ప్రకారం, పన్నులతో కలిపి 4,80,000 మించకుండా చేయించాలనీ, ఒప్పందంపై సంతకం చేసే అధికారం కార్యదర్శికి, కోశాధికారికి ఉమ్మడిగా ఇవ్వాలనీ తీర్మానించడమైనది. అనుకూలం 9, వ్యతిరేకం 1, తటస్థం 1.’

ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు దాని కిందే వస్తాయి. ఇంత సరంజామా చిన్న విషయాలకు అనవసరం. టీ కప్పుల కొనుగోలుకు తీర్మానం రాస్తే, రేపు ఆ సంఖ్య మార్చడానికి కూడా మరో తీర్మానం పెట్టాల్సి వస్తుంది. బయటివారికి చూపాల్సినవి, అధికారం అప్పగించేవి, పెద్ద ఖర్చులు, నియమాల మార్పులు ఉన్నచోట తీర్మానమే రాయాలి. రోజువారీ పత్రాలకు ఆమోదం చాలు.

ఒకవేళ ఉపసంఘం ముందే ‘ఆమోదించడమైనది’ అని రాసేసి, అడ్వాన్సు కూడా ఇచ్చేసి ఉంటే? చాలామందికి తోచేది, వచ్చే సమావేశంలో ఆ మాట కొట్టేసి ‘సిఫారసు’ అని దిద్దడం. అలా చేయకూడదు. ఉపసంఘం నిజంగా ఆమోదమే తెలిపి ఉంటే మినిట్స్ సరిగానే ఉన్నాయి, తప్పు జరిగింది అధికారం విషయంలో. వచ్చే సమావేశంలో మినిట్స్‌ను ధ్రువీకరించినా ఆ లోటు తీరదు. ధ్రువీకరించడమంటే జరిగింది జరిగినట్టు రాశారని ఒప్పుకోవడం మాత్రమే. ఇక్కడ పనికొచ్చేది కార్యవర్గం ఇచ్చే అనంతర ఆమోదం: ఫలానా తేదీన ఉపసంఘం తన పరిమితికి మించి తీసుకున్న నిర్ణయం ఇది, ఇచ్చిన అడ్వాన్సు ఇంత, దాన్ని కార్యవర్గం ఇప్పుడు ఆమోదిస్తోంది అని విడిగా ఒక తీర్మానం. కార్యవర్గం అందుకు ఒప్పుకోకపోతే అడ్వాన్సు సంగతి ఇచ్చినవారే తేల్చుకోవాల్సి రావచ్చు.